అమెరికా నుంచి తిరిగొచ్చిన స్నేహితుడికి ఏమివ్వాలి? నా అనుభవం

పన్నెండేళ్లు డాలస్‌లో ఉండి కుటుంబంతో సహా హైదరాబాద్‌కు వచ్చేసిన స్నేహితుడికి గృహప్రవేశానికి ఏమివ్వాలా అని ఆలోచిస్తున్న రోజుల్లోనే వాళ్ల సామాను ఓడలో వచ్చింది. పెట్టెలు విప్పుతుంటే వాళ్లావిడ అడిగింది: "అన్నయ్యా, ఈ ఇన్‌స్టంట్ పాట్ కరెంటు కుక్కర్ ఇక్కడ పెట్టుకోవచ్చా? ప్లగ్ అయితే పట్టింది."

ప్రమాదమంతా ఆ పట్టడంలోనే ఉంది. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కానీ మన దగ్గర దొరికే ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో చాలావాటికి అన్ని దేశాల ప్లగ్గులూ పట్టే సాకెట్లుంటాయి. అమెరికా బల్లపరుపు పిన్నులు వాటిలోకి సాఫీగా దిగిపోతాయి. 120 వోల్టుల హీటర్‌కు 230 ఇస్తే అది లాగే పవర్ రెట్టింపుతో ఆగదు, దాదాపు మూడున్నర రెట్లు దాటుతుంది. స్విచ్ వేసిన క్షణాల్లోనే లోపలి ఫ్యూజ్ గానీ బోర్డు గానీ పోతుంది. అందుకే అన్ని ప్లగ్గులూ పట్టే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ను ఇలాంటివాళ్లకు బహుమతిగా ఇవ్వవద్దంటాను. నేను మన వోల్టేజీని అమెరికా వస్తువులకు సరిపడేలా తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, కొన్ని మన ప్లగ్ కేబుళ్లు, రంగు స్టిక్కర్లు కలిపి ఇచ్చాను.

కొనేముందు వాళ్లింట్లో ఒక పూట కూర్చుని ప్రతి వస్తువూ తిరగేసి లేబుల్ చదవాలి. అడాప్టర్ మీదో వస్తువు వెనకో INPUT అన్న చోట 100-240V, 50/60Hz అని ఉంటే దానికి ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. లాప్‌టాప్, ఫోన్, కెమెరా చార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే. 120V 60Hz అని మాత్రమే ఉంటే అది వేరే జాబితాలోకి వెళ్తుంది. టీవీల విషయంలో ఊహించకండి, రెండు రకాలూ ఉంటాయి. హెయిర్ డ్రయ్యర్లు కొన్నింటికి 125/250 అని చిన్న స్విచ్ ఉంటుంది, లేనివాటి జోలికి పోనక్కర్లేదు. 1875 వాట్ల డ్రయ్యర్ కోసం అంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కొనడం కంటే ఇక్కడ కొత్తది కొనుక్కోవడం నయం.

మైక్రోవేవ్‌ను మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుందే గానీ హెర్ట్జ్‌ను మార్చదు. మామూలు మైక్రోవేవ్ లోపల 60 హెర్ట్జ్‌కు చేసిన బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉంటుంది. 50 హెర్ట్జ్ మీద అది ఎక్కువ కరెంటు లాగి వేడెక్కిపోతుంది. కరెంటు లైను హెర్ట్జ్‌ను లెక్కపెట్టుకుని నడిచే పాత గడియారాలు గంటకు పది నిమిషాలు వెనకబడతాయి. పిండి కలిపే స్టాండ్ మిక్సర్లలోనూ బ్లెండర్లలోనూ ఉండేవి సాధారణంగా బ్రష్‌లున్న మోటార్లు, వాటికి హెర్ట్జ్‌తో పేచీ లేదు.

వడపోత అయ్యాక ట్రాన్స్‌ఫార్మర్ అవసరమైనవి రెండే మిగిలాయి: 1000 వాట్ల ఇన్‌స్టంట్ పాట్, 325 వాట్ల స్టాండ్ మిక్సర్. పరిమాణం ఇలా లెక్కేసుకున్నాను. హీటర్ వస్తువుకు లేబుల్ మీది వాట్లకు ఒకటిన్నర రెట్లు. మోటారుకు మూడు రెట్లు, ఎందుకంటే మొదలయ్యేటప్పుడు అది లాగే కరెంటు చాలా ఎక్కువ. పాట్‌కు 1500, మిక్సర్‌కు సుమారు 1000 వచ్చింది. రెండూ ఒకేసారి పెట్టకూడదన్న షరతుతో 1500 వీఏ సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. నిండా లోడ్ పడితే గోడ వైపు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 6 ఆంపియర్ల చిన్న ప్లగ్ చాలదు. 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్ వేయించాను. వంటగదిలో ఆ సాకెట్ ఎక్కడుందో ముందే చూసి వైరు పొడవు చెప్పాలి.

షాపులో అడగాల్సింది డబుల్ వైండింగ్ ట్రాన్స్‌ఫార్మర్, రాగి తీగది. చవకగా వచ్చే ఆటో ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండింటికీ ఒకటే చుట్ట. ఆ చుట్టలో కింది భాగం తెగితే 230 వోల్టులు నేరుగా వస్తువు మీద పడతాయి. ఇక అరచేతిలో పట్టి, 1600 వాట్లని రాసి ఉండే ప్రయాణపు కన్వర్టర్లు ట్రాన్స్‌ఫార్మర్లే కావు. అవి కరెంటును ముక్కలు చేసి పంపుతాయి. బోర్డు, డిస్‌ప్లే ఉన్న వస్తువులకు అవి పనికిరావు. తేడా చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది: అసలు ట్రాన్స్‌ఫార్మర్‌ను రెండు చేతులతో ఎత్తాలి.

కొన్నాక ప్లగ్ గోడకు పెట్టకముందే మల్టీమీటర్‌తో ఒక పరీక్ష చేయాలి. మీటర్‌ను బీప్ కొట్టే కంటిన్యుటీ మీద పెట్టి, ఒక పుల్లను మన ప్లగ్ పెద్ద పిన్నుకు, రెండోదాన్ని అవుట్‌పుట్ సాకెట్‌లోని గుండ్రటి రంధ్రానికి ఆనించాలి. బీప్ రాకపోతే ఎర్త్ కలపలేదన్నమాట, అక్కడికక్కడే వెనక్కి ఇచ్చి వేయించుకోవాలి. చాలామంది వదిలేసేది ఇదే, స్టీలు ఒళ్లున్న పాట్‌కు ఇది తప్పనిసరి. తర్వాత కరెంటు ఇచ్చి అవుట్‌పుట్ చూడాలి. 230కి 110 ఇచ్చే రకమైతే, లైన్ వోల్టేజీ 250కి పెరిగినా అవుట్‌పుట్ 120 దాటదు. అందుకే 120 అవుట్‌పుట్ కన్నా 110దే తీసుకున్నాను. దీనివల్ల పాట్ వేడి ఆరో వంతు తగ్గుతుంది. పదినిమిషాల్లో ప్రెజర్ వచ్చేది పన్నెండు పడుతుంది. వంటకు నష్టం లేదు.

చివరి పరీక్ష లోడ్ మీద. పాట్‌లో రెండు లీటర్ల నీళ్లు పోసి ఇరవై నిమిషాలు నడిపించాం. సన్నటి గుయ్‌మన్న మోత, పెట్టె గోరువెచ్చగా అవడం మామూలే. చెయ్యి ఆనించలేనంత వేడి, వార్నిష్ కాలిన వాసన, మోత గరగరలాడటం వస్తే ఆపేసి షాపుకు తీసుకెళ్లాలి.

చార్జర్లకు కన్వర్షన్ ప్లగ్గులు ఇవ్వలేదు. నాలుగు రోజులకే వదులై నిప్పురవ్వలు వస్తాయి. చార్జర్ నుంచి ఊడొచ్చే కేబుల్‌నే మార్చేస్తే సరి. లాప్‌టాప్‌కు చాలావరకు మూడు గుండ్రాలది, కొన్ని టీవీలకూ ప్రింటర్లకూ ఎనిమిది అంకెలా ఉండేది, మానిటర్‌కు కంప్యూటర్ పవర్ కేబుల్. మన ప్లగ్‌తో ఇవన్నీ ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతాయి.

స్టిక్కర్లు మేమిద్దరం కూర్చుని అంటించాం. ఆకుపచ్చ ఉంటే గోడకు నేరుగా. పసుపు ఉంటే ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రమే. ఎరుపు ఉంటే ఇక్కడ వాడొద్దు. స్టిక్కర్‌ను వస్తువు ఒంటి మీద కాదు, ప్లగ్ పక్కన వైరుకు చుట్టాలి. స్విచ్ వేసేది ఇంటాయన ఒక్కడే కాదు, వంటమనిషి ఉంటుంది, అమ్మానాన్నలుంటారు. ప్లగ్ పట్టుకున్న చేతికి రంగు కనబడాలి. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక చీటీ కూడా అంటించాను: "ఒకసారికి ఒకటే వస్తువు. పని అయ్యాక గోడ స్విచ్ కట్టేయాలి. పైన గుడ్డ కప్పవద్దు." ఖాళీగా ఉన్నా అది కరెంటు తాగుతూ వేడెక్కుతూనే ఉంటుంది కాబట్టి రెండో మాట వాళ్లమ్మగారికి విడిగా కూడా చెప్పాను. బిల్లును ప్లాస్టిక్ కవర్లో పెట్టి పెట్టె అడుగున అతికించాను. ఎప్పుడైనా చుట్ట కాలితే అదే షాపులో మళ్లీ చుట్టించుకోవచ్చు.