ఐఎస్‌ఎస్ ప్రిపరేషన్: ఒకే కోఎఫిషెంట్, మూడు పి-వాల్యూలు

ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ ఫైనల్ లిస్ట్ వచ్చినప్పటి నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. ఏ పుస్తకాలు, ఎన్ని గంటలు, ఏ టెస్ట్ సిరీస్ అని అందరూ అవే అడుగుతున్నారు. ఆ జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. పేపర్ 1, 2 ఆబ్జెక్టివ్ కాబట్టి పాత పేపర్లు అరిగిపోయేదాకా చేశాను. శాంప్లింగ్ డెరివేషన్లు పుస్తకం మూసి రాయగలిగేదాకా రాశాను. జీఎస్, ఇంగ్లీషు మీ అందరిలాగే చివర్లో హడావుడిగా కానిచ్చాను. ఇందులో మీకు తెలియనిది ఏమీ లేదు.

నాకు లాభించింది పేపర్ 3లో ఎకనామెట్రిక్స్, అందులోనూ ఒక చిన్న ముక్క. మనలో ఎవరిని లేపి అడిగినా ఓఎల్‌ఎస్ ఎస్టిమేటర్ బ్లూ అని నిద్రలోనైనా ప్రూవ్ చేస్తాం. అదే ఒక రిగ్రెషన్ టేబుల్ చేతికిచ్చి "దీన్ని వివరించు" అంటే మాత్రం "పి-వాల్యూ 0.05 కంటే తక్కువ, కాబట్టి సిగ్నిఫికెంట్" అని ఒక్క వాక్యం రాసి పెన్ను కింద పెడతాం. చేతులు మారుతూ తిరిగే నోట్సుల్లో ఇంకా ఘోరం ఉంటుంది: "పి 0.03 అంటే నల్ హైపోథెసిస్ నిజమయ్యే అవకాశం 3 శాతం." ఇది తప్పు. ఎందుకు తప్పో అశోక్‌నగర్ స్టడీ హాల్లో ఒక సీనియర్ అన్న నాకు చూపించాడు, అదీ ఆర్‌తో పాటే వచ్చే `mtcars` డేటాతో. 1974 నాటి మోటార్ ట్రెండ్ అనే అమెరికన్ పత్రికలోంచి తీసుకున్న 32 కార్ల వివరాలవి. `mpg` అంటే గ్యాలన్‌కు ఎన్ని మైళ్లు, `am` 1 అయితే మాన్యువల్ గేరు, 0 అయితే ఆటోమేటిక్. `wt` వెయ్యి పౌండ్లలో బరువు, `qsec` పావు మైలు పరిగెత్తడానికి పట్టే సెకన్లు.

అన్న మూడు మోడళ్లు నడిపాడు.

```
lm(mpg ~ am, data = mtcars)
lm(mpg ~ wt + am, data = mtcars)
lm(mpg ~ wt + qsec + am, data = mtcars)
```

ఒక్కో దాని `summary()` నుంచి `am` వరుస మాత్రమే తీసి వరుసగా పెట్టాడు.

```
     Estimate Std. Error t value Pr(>|t|)
am      7.245      1.764   4.106 0.000285
am     -0.024      1.546  -0.015 0.988
am      2.936      1.411   2.081 0.0467
```

"తమ్ముడూ, కార్లు అవే, కాలమ్ అదే. మాన్యువల్ గేరు వల్ల మైలేజీ పెరుగుతుందా లేదా? ఒక్క మాటలో చెప్పు," అన్నాడు. ఒక్క మాటలో చెప్పలేమని మీకూ అర్థమయ్యే ఉంటుంది.

మొదటి వరుస చూడండి. ఆటోమేటిక్ కార్ల సగటు 17.147, మాన్యువల్ వాటిది 24.392. ఆ రెండింటి తేడాయే 7.245. పి-వాల్యూ 0.000285 కాబట్టి మాన్యువల్ గేరు పెట్టిస్తే ఏడు మైళ్లు కలిసొస్తాయని రాసేయబుద్ధవుతుంది. కానీ పి-వాల్యూ కారణం గురించి మాట్లాడదు. రెండు గుంపుల సగటులూ నిజానికి సమానమై ఉంటే, కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా లేదా ఇంతకంటే ఎక్కువ రావడం ఎంత అరుదో చెప్పి ఊరుకుంటుంది. ఈ 32 కార్లలో ఆటోమేటిక్ వాటి సగటు బరువు 3.769 వేల పౌండ్లు, మాన్యువల్ వాటిది 2.411. అంటే మనం పోల్చింది గేర్లను కాదు, బరువైన కార్లను తేలికైన కార్లతో.

దీన్ని లెక్కలోనే చూపించవచ్చు. ఒమిటెడ్ వేరియబుల్ బయాస్ ఫార్ములా అందరికీ కంఠతా వచ్చు, కానీ అందులో అంకెలు వేసి చూసినవాళ్లు తక్కువ. రెండో మోడల్లో `wt` కోఎఫిషెంట్ −5.353. బరువుల తేడా 2.411 − 3.769 = −1.358. రెండూ గుణిస్తే 7.269. దానికి రెండో మోడల్లోని `am` విలువ −0.024 కలిపితే 7.245, అంటే మొదటి వరుసలోని అంకె అచ్చంగా తిరిగొచ్చింది. ఆ ఏడు మైళ్లూ దాదాపు మొత్తం బరువు ఖాతాలోవే.

ఇక రెండో వరుస. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 0.988 చూడగానే "గేరుకూ మైలేజీకీ సంబంధం లేదని రుజువైంది" అని రాస్తారు, ఇంకొందరు "98.8 శాతం సంబంధం లేదు" అంటారు. రెండూ చెల్లవు. `confint()` కొడితే, లేదా 29 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు టి విలువ 2.045 తీసుకుని చేత్తో వేస్తే, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ −3.18 నుంచి 3.14 దాకా వస్తుంది. మొత్తం కార్ల సగటు మైలేజీ 20 చిల్లర అయినప్పుడు మూడు మైళ్లంటే సుమారు 15 శాతం. ఒకే బరువున్న కార్లలో మాన్యువల్ గేరు 15 శాతం మేలు చేసినా, 15 శాతం కీడు చేసినా ఈ డేటా కాదనలేదు. సున్నా అని తేలలేదు, తేల్చే శక్తి డేటాకు లేదు. ఈ రెండింటికీ ఉన్న తేడా పి-వాల్యూలో కనిపించదు, ఇంటర్వెల్ వెడల్పులో కనిపిస్తుంది. అదే −0.1 నుంచి 0.1 దాకా వచ్చి ఉంటే "ప్రభావం ఉన్నా లెక్కలోకి రానంత చిన్నది" అని ధైర్యంగా రాయవచ్చు. అందుకే పి-వాల్యూ పెద్దదైనప్పుడల్లా నా కళ్లు ముందు స్టాండర్డ్ ఎర్రర్ మీదికి పోతాయి.

మూడో వరుసలో కథ మళ్లీ తిరిగింది. `qsec` చేరగానే `am` 2.936 అయింది, పి 0.0467. ఇది రెండో వరుసతో తగువు పడటం లేదు, ప్రశ్న మారింది. అక్కడ ఒకే బరువున్న కార్లను పోల్చాం, ఇక్కడ ఒకే బరువూ, పావు మైలుకు ఒకే సమయమూ ఉన్న కార్లను పోలుస్తున్నాం. "మిగతావి స్థిరంగా ఉంచితే" అని ఊరికే రాయకండి, ఏవి స్థిరంగా ఉన్నాయో పేరు పెట్టి రాయండి.

0.0467 అంటే ఏమిటో పరీక్షలో నేను రాసే వాక్యం ఇది: "ఈ మోడల్, దాని ఊహలు సరైనవై, బరువునూ పావు మైలు సమయాన్నీ స్థిరంగా ఉంచినప్పుడు `am` అసలు కోఎఫిషెంట్ సున్నా అయితే, టి విలువ 2.081 లేదా అంతకంటే సున్నాకు దూరంగా (ఏ వైపైనా) వచ్చే అవకాశం 4.67 శాతం." పొడుగు వాక్యమే, కానీ ఇందులో ఒక్క ముక్క తీసేసినా అర్థం మారుతుంది. నల్ నిజమనుకుని మొదలుపెట్టి చేసిన లెక్క ఇది. నల్ నిజమయ్యే అవకాశం ఎంతో ఆ లెక్కలోంచే తీయడం కుదరదు. దానికి డేటా చూడకముందే ఏదో ఒక ప్రయర్ కావాలి, ఈ టేబుల్లో ఎక్కడా అది లేదు. 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పి-వాల్యూల మీద విడుదల చేసిన ప్రకటనలోనూ ఇది స్పష్టంగా ఉంది.

దీని ఇంటర్వెల్ 0.05 నుంచి 5.83. "అసలు విలువ ఇందులో ఉండే అవకాశం 95 శాతం" అని రాస్తే జాగ్రత్తగా దిద్దేవారు మార్కులు కోస్తారు. 95 శాతం ఈ రెండు అంకెలది కాదు, వీటిని తయారుచేసిన పద్ధతిది. మళ్లీ మళ్లీ శాంపిల్ తీసి ప్రతిసారీ ఇలాగే ఇంటర్వెల్ కడితే, వందలో దాదాపు తొంభై అయిదు అసలు విలువను పట్టుకుంటాయి. చేతిలో ఉన్న ఈ ఒక్కటీ పట్టుకుందో లేదో తెలియదు. నాకైతే ఇంకో మాట బాగా పనికొచ్చింది: 5 శాతం స్థాయి పరీక్షలో ఈ డేటా తోసిపుచ్చలేని విలువలన్నీ కలిపితే ఈ ఇంటర్వెల్. ఆ మాట పట్టుకుంటే పి 0.05 కంటే కాస్త తక్కువైనప్పుడు సున్నా ఇంటర్వెల్ అంచు దాటి కాస్త బయట ఎందుకుంటుందో విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. "సిగ్నిఫికెంట్" అని గీత కింద గీత కొట్టిన ఈ ప్రభావం గ్యాలన్‌కు 0.05 మైలు కావచ్చు, అంటే ఎవరికీ పట్టనంత చిన్నది. దాదాపు ఆరు మైళ్లూ కావచ్చు. `summary()` ఆ వరుస పక్కన వేసే నక్షత్రం గుర్తు ఈ రెండింటినీ వేరు చేయదు.

చాలామంది ఇంకోటి కూడా కలిపేస్తారు. 0.05 నుంచి 5.83 అనేది సగటు తేడాకు సంబంధించిన ఇంటర్వెల్, 95 శాతం కార్లు అందులో ఉంటాయని కాదు. ఈ మోడల్లో రెసిడ్యువల్ స్టాండర్డ్ ఎర్రర్ 2.459, కాబట్టి ఒక్కో కారు మైలేజీ అంచనాకు అటూ ఇటూ సుమారు అయిదు మైళ్లు ఊగుతుంది. కొత్త కారుకు అంచనా అడిగితే ప్రెడిక్షన్ ఇంటర్వెల్ కట్టాలి.

అన్న చివరికి దాచుకున్న తురుఫు ముక్క వేశాడు. "ఈ మూడో మోడల్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా?" పది వేరియబుల్స్ ఉన్న పూర్తి మోడల్ ఇచ్చి `step()` నడిపితే ఏఐసీ ప్రకారం ఏరి, `wt`, `qsec`, `am` ఈ మూడింటినే మిగులుస్తుంది. అంటే ఇదే డేటాను వెతికి వెతికి బాగా అతికిన మోడల్ తెచ్చి, మళ్లీ ఇదే డేటాతో పరీక్షించాం. 0.0467 లెక్క మాత్రం మోడల్ ముందే నిర్ణయించుకున్నాం అనుకుని వేసింది. వెతుకులాటను లెక్కలో కలిపితే అంచున నిలబడ్డ ఆ అంకె నిలబడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా ఈ 32 కార్లూ ఏ పాపులేషన్ నుంచీ యాదృచ్ఛికంగా తీసినవి కావు, పత్రిక ఎంచుకున్నవి.

ఈ ఒక్క డేటా మీద అంత టైమ్ పెట్టానని హాల్లో నవ్వినవాళ్లు ఉన్నారు. "ఇండెక్స్ నంబర్లు వదిలేసి కార్లు లెక్కపెడుతున్నావా?" అన్నారు. అననివ్వండి. ఇండెక్స్ నంబర్లూ చదివాను. రోజుకో చాప్టర్ అని టిక్ పెట్టుకుంటూ పోయే చదువు నాకు ఎప్పుడూ అబ్బలేదు, ఒక టేబుల్‌ను పిండి చూస్తేనే థియరీ నిలిచింది. టైమ్‌టేబుల్ చూసి నన్ను జడ్జ్ చేసేవాళ్లు ఆ పూర్తి మోడల్ ఒకసారి తెరిచి చూడాలి.

ఎందుకంటే ఆ `mpg ~ .` మోడల్లో పది కోఎఫిషెంట్లలో ఒక్కటీ 5 శాతం దగ్గర సిగ్నిఫికెంట్ కాదు. అన్నింటిలోకీ తక్కువ పి `wt` ది, 0.0633. పైనుంచి కిందికి చదివేవాళ్లు "మోడల్ వేస్ట్" అని రాస్తారు. టేబుల్ అడుగున ఎఫ్ 13.93, దాని పి-వాల్యూ కోటికి నాలుగు లోపే, ఆర్-స్క్వేర్ 0.869. వేరియబుల్స్ అన్నీ ఒకదాని పని ఇంకోటి పంచుకుంటున్నాయి. `wt` వీఐఎఫ్ 15 దాటింది, అంటే మిగతా వాటితో సంబంధమే లేకపోతే ఉండే దానికి దాదాపు నాలుగు రెట్లు స్టాండర్డ్ ఎర్రర్. ఒక్కో పి-వాల్యూ "మిగతా తొమ్మిదీ ఉండగా నువ్వు కొత్తగా ఏం తెచ్చావు?" అని అడుగుతుంది, ఎఫ్ "అందరూ కలిసి ఏం తెచ్చారు?" అని అడుగుతుంది. మల్టీకోలీనియారిటీ లక్షణాలు రాయమంటే మనం రాసే మొదటి పాయింటు ఇదే, అంకెలు మాత్రం వేయం. ఈ అంకెలు వేసి రాయండి.

ఇంటర్వ్యూ గురించి అడిగినవాళ్లకు వేరే పోస్టులో రాస్తాను.