బూడిద ఇటుకల యూనిట్ రీల్: ముప్పయ్యెనిమిది సెకన్లకు తెలుగు క్యాప్షన్లు రాసిన క్రమం

ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రానికి దగ్గరలో మా పెదనాన్నగారి అబ్బాయి ఫ్లై యాష్ ఇటుకల యూనిట్ ఒకటి నడుపుతున్నాడు. ఒక పాన్ మిక్సరు, ఒక హైడ్రాలిక్ ప్రెస్సు, తొమ్మిదిమంది పనివాళ్లు, వెనుక దొంతరలు పేర్చుకునే ఖాళీ స్థలం, అంతే. సెలవు రోజుల్లో ఫోనుతో చిన్న వీడియోలు తీయడం నాకు సరదా కనుక, అక్కడ తెర వెనుక జరిగే పనిని ఒక రీలుగా చేద్దామని రెండు ఆదివారాలు వెళ్లి చిత్రీకరించాను. మిక్సరు హోరులో మాటలేవీ వినపడవు కాబట్టి చెప్పవలసిందంతా క్యాప్షన్లలోనే చెప్పాలని మొదటే నిర్ణయించుకున్నాను. తీయడానికి రెండు పూటలు చాలాయి గాని, తొమ్మిది క్యాప్షన్లు కుదరడానికి మూడు వారాలు పట్టింది.

మొదటి ప్రతిలో కంటికి కనిపించేదే మళ్లీ రాశాను. బూడిద పోస్తుంటే "బూడిద పోస్తున్నారు" అనీ, ప్రెస్సు దిగుతుంటే "ఇటుక తయారవుతోంది" అనీ రాస్తే చూసేవారికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. అంతకన్నా పెద్ద తప్పు ఆరో క్యాప్షనులో దొర్లింది. పేర్చి ఉన్న దొంతరల మీద "ఇటుకలను ఎండబెడుతున్నారు" అని రాసి అన్నయ్యకు చూపించాను. అతను ఫోను తిరిగి నా చేతికిస్తూ, "ఎండబెడితే ఇటుక చచ్చిపోతుందిరా, మేము రోజూ తడిపేది ఎందుకనుకున్నావు?" అన్నాడు.

ఎర్ర ఇటుకల బట్టీలు చూస్తూ పెరిగిన కన్ను చేసిన పొరపాటు అది. మట్టి ఇటుకను ఆరబెట్టి, బట్టీలో కాలుస్తారు. దాని బలమంతా ఆ మంటలో వస్తుంది. ఇక్కడ మంట లేదు. బూడిదలోని సిలికా, సున్నం, నీరు కలిసి నెమ్మదిగా కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే గట్టి పదార్థంగా మారుతాయి, ఆ మార్పు సాగినన్నాళ్లూ ఇటుకలో తడి ఉండాలి. అందుకే ప్రెస్సు నుంచి వచ్చిన ఇటుకను ఒకటి రెండు రోజులు కదపకుండా నీడలో ఉంచి, ఆ తరువాత దొంతర పేర్చి, ఈ యూనిట్‌లో 21 రోజుల పాటు పూటకోసారి పైపుతో తడుపుతారు. నీళ్లు సరిగా అందని ఇటుకను ఎలా పోల్చుకుంటారో అన్నయ్య చూపించాడు. అంచు మీద గోటితో గీస్తే పొడి రాలుతుంది, రెండింటిని ఒకదానికొకటి తాటిస్తే ఖంగుమనక మొద్దు శబ్దం వస్తుంది. గోటితో గీసే ఆ దృశ్యాన్ని రెండో ఆదివారం దగ్గరగా తీసి పెట్టుకున్నాను. చివరికి ఆరో క్యాప్షను ఇలా మారింది:

```
6
00:00:23,000 --> 00:00:27,500
ఇది ఎండబెట్టడం కాదు.
రోజూ నీళ్లతో తడపడం.
```

ఇందులో నాలుగున్నర సెకన్ల లెక్క ఎక్కడిదో చెప్పాలి. క్యాప్షను పొడవును కంప్యూటరు చూపే అక్షరాల సంఖ్యతో కొలిస్తే తెలుగులో ఆ లెక్క తప్పుతుంది. "క్యూరింగ్" అన్న మాటలో మనం చదివేది మూడు అక్షరాలు, కంప్యూటరు లెక్కించేది తొమ్మిది సంకేతాలు. అందుచేత వత్తులను, గుణింతాలను విడిగా లెక్కపెట్టకుండా, నోటితో పలికే అక్షరాలనే లెక్కపెట్టాను. మా అమ్మకు కళ్లజోడు పెట్టించి, శబ్దం ఆపిన ఫోనులో చూపించినప్పుడు, బొమ్మను చూస్తూనే క్యాప్షను చదవగలిగినది సెకనుకు సుమారు నాలుగు అక్షరాలు. పైన ఉన్న రెండు పంక్తులలో పద్దెనిమిది అక్షరాలున్నాయి కనుక నాలుగున్నర సెకన్లు. నా స్నేహితులు ఇంతకన్నా వేగంగానే చదివారు, అయినా ఆ రీలు చూడవలసినది ఇల్లు కట్టుకునేవాళ్లు గనుక నేను అమ్మ వేగాన్నే పట్టుకున్నాను.

రెండో క్యాప్షను "ఈ బూడిద కరెంటు కేంద్రంలో బొగ్గు కాలగా మిగిలింది" అన్నది. దీనితో వచ్చిన చిక్కు భాషది కాదు, అక్షరరూపానిది. నేను వాడిన ఎడిటింగ్ యాప్ "కేంద్రం"లోని రావత్తును దకారానికి కలపకుండా విడదీసి, మధ్యలో పొల్లు చూపింది. ఫాంటు మార్చినా అది పోలేదు. చివరికి ప్రతి క్యాప్షనునూ ఇంక్‌స్కేప్‌లో మండలి ఫాంటుతో రాసి, వెనుక నేపథ్యం లేని PNG బొమ్మగా ఎగుమతి చేసి, వీడియో మీద పరిచాను. పైన చూపిన SRT ఫైలును కాలపట్టికగా మాత్రమే ఉంచుకున్నాను. పంక్తుల మధ్య ఎడం ఒకటిన్నర రెట్లు లేకపోతే పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులకు తగులుకుంటాయి. వెనుక నల్ల పట్టీ పెడితే "బట్టీ"లోని టవత్తు పట్టీ అంచు దగ్గర తెగిపోతుంది. 1080×1920 తెరలో అడుగు భాగాన సుమారు 400 పిక్సెళ్లు వదిలేశాను, అక్కడ ఖాతా పేరు, పాట పేరు వచ్చి కూర్చుంటాయి. బూడిద రంగు మీద తెల్ల అక్షరాలు మునిగిపోయాయి కాబట్టి నల్ల అంచు ఉన్న పసుపు రంగుకు మారాను.

మిశ్రమం పాళ్లు క్యాప్షనులో వద్దని అన్నయ్య పట్టుబట్టాడు. వాళ్లు నూటికి అరవై పాళ్లు బూడిద, ఇరవై రాతి పొడి, పదిహేను సున్నం, ఐదు జిప్సం వేస్తారు గాని, సున్నం నాణ్యత తగ్గితే ఆ పాళ్లు పనికిరావు. అంకె చూసి ఎవరో అలాగే కలుపుకొని నష్టపోవడం అతనికి ఇష్టం లేదు. అది సబబే అనిపించి, అంకెలకు బదులు మేస్త్రీ పిడికిలిని చూపించాను. మిక్సరులో నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిసికి, అరచెయ్యి తెరుస్తాడు. ముద్ద విడిపోతే నీరు చాలలేదన్నమాట, అలాంటి ఇటుక మూలలు ఎత్తేటప్పుడే రాలతాయి. వేళ్ల సందుల్లో నీరు ఊరితే ఎక్కువైందన్నమాట, అది అచ్చుకు అంటుకొని అంచులు జారుతుంది. ఆ రోజు ముద్ద మీద అతని నాలుగు వేళ్ల గీతలు చెక్కినట్టు నిలిచాయి. దానికి రాసిన క్యాప్షను "ముద్ద నిలవాలి, నీరు కారకూడదు". మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే. ప్రెస్సు దృశ్యానికి ఏమీ రాయలేదు, ఆ నాలుగు సెకన్లు దాని శబ్దానికే వదిలేశాను.

మిగిలిన చిక్కల్లా కాలానిది. ప్రెస్సు నుంచి ట్రాలీ, ట్రాలీ నుంచి దొంతర, దొంతర నుంచి లారీ అని కూర్చితే, పొద్దున్న అచ్చు వేసిన ఇటుక సాయంత్రం బండెక్కినట్టు కనిపిస్తోంది. అమ్మ కూడా సరిగ్గా అదే అడిగింది. నేను తీసినది ఒకే రోజున మూడు వేర్వేరు దొంతరలను. "మొదటి రోజు", "పదో రోజు", "ఇరవై ఒకటో రోజు" అని వరుసగా రాస్తే అదే ఇటుకను మూడు వారాలు వెంబడించినట్టు అబద్ధమవుతుంది. అందుకని మొదటి దొంతర మీద "ఇవి వేర్వేరు రోజుల దొంతరలు" అని ఒక పంక్తి చేర్చవలసి వచ్చింది. నిజమే గాని, మూడు సెకన్లు అది తినేసింది, దాని కోసం గోటి గీత దృశ్యాన్ని తీసేయవలసి వచ్చింది.

ఆ పంక్తి అవసరం లేకుండా చేయాలని ఇప్పుడు ఒకే దొంతరను వెంబడిస్తున్నాను. ఫోను స్టాండు కాళ్లు ఆనే మూడు చోట్లా నేల మీద రంగు చుక్కలు పెట్టాను, రోజూ పొద్దున్న ఎనిమిదింటికి అన్నయ్యే పది సెకన్లు తీసి పంపుతున్నాడు. దొంతర మీద సుద్దతో రాసిన తేదీ మూడో రోజుకే తడుపు నీళ్లకు కొట్టుకుపోయింది కాబట్టి, ఒక పాత పలక మీద పెయింటుతో రాసి పక్కన ఆనించాము. నేటికి తొమ్మిదో రోజు.