నంబరు నిజమే, మా బ్లాక్‌ది మాత్రం కాదు

అవుటర్ రింగ్ రోడ్డు దాటాక పడమటి వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాట్ బుక్ చేద్దామని వెళ్లి, చేయకుండా వచ్చేశాం. బిల్డర్ పేరు చెప్పను. వాళ్ల వెబ్‌సైట్‌నీ రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ తెలంగాణ రెరా రిజిస్టర్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏం బయటపడిందో మాత్రం పూసగుచ్చినట్టు చెబుతాను. మా ఇంట్లో కరెంటు బిల్లు దగ్గర్నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ వరకు లెక్కలన్నీ నావే. అంకె తేడా వస్తే నాకు నిద్ర పట్టదు.

ముందు ఒక చిన్న చిక్కు. ప్రాజెక్టు పేరు వెతికితే ఒకటి కాదు, మూడు నాలుగు వెబ్‌సైట్లు వచ్చాయి. అన్నిట్లోనూ అదే ఈత కొలను, అవే కొబ్బరి చెట్లు. ధరలు వివరంగా ఉన్న సైటు అడుగున రెరా నంబరు A తో మొదలైంది. అది ఏజెంటు రిజిస్ట్రేషన్, ప్రాజెక్టుది కాదు. ఏజెంటుకు లైసెన్సు ఉన్నంత మాత్రాన అతను అమ్మే ఫ్లాటుకు ఉన్నట్టు కాదు. బిల్డర్ సొంత సైటు పట్టుకుంటే అక్కడ P తో మొదలయ్యే నంబరు దొరికింది. ప్రకటనలో రెరా నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా స్పష్టంగా కనిపించేలా ఇవ్వాలని చట్టం సెక్షన్ 11 చెబుతుంది. వీళ్లు ఇచ్చారు, కాకపోతే బూడిద రంగు మీద లేత బూడిద రంగులో.

ఆ నంబరు తీసుకుని rerait.telangana.gov.in లో వెతికాను. క్యాప్చా సతాయించింది కానీ ప్రాజెక్టు వచ్చింది. పేరు సరిపోయింది, సర్టిఫికెట్ కూడా తెరుచుకుంది. మా ఆయన అక్కడితో లేచి టీ పెట్టడానికి వెళ్లారు. పని అయిపోయిందని ఆయన ఉద్దేశం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. బిల్డర్లకు కావాల్సిందీ అదే.

నేను సర్టిఫికెట్ పక్కన పెట్టి ప్రాజెక్టు వివరాల పేజీ తెరిచాను. ప్రమోటర్ స్థానంలో వెబ్‌సైట్లో ఉన్న పెద్ద బ్రాండ్ పేరు లేదు, ఏదో ఎల్‌ఎల్‌పీ ఉంది. ఇది మోసమేమీ కాదు, ప్రతి ప్రాజెక్టుకూ విడిగా ఒక సంస్థ పెట్టుకోవడం మామూలే. కాకపోతే రేపు గొడవ వస్తే మనం నిలదీయాల్సింది ఆ ఎల్‌ఎల్‌పీనే. చెక్కు కూడా దాని పేరు మీదే ఉండాలి, హోర్డింగ్ మీద ఉన్న పేరు మీద కాదు.

అసలు తేడా భూమి విస్తీర్ణం దగ్గర పడింది. వెబ్‌సైట్లో ‘6 ఎకరాల్లో 3 బ్లాకులు’ అని అరచేతంత అక్షరాలు. రిజిస్టర్‌లో విస్తీర్ణాలన్నీ చదరపు మీటర్లలో ఉంటాయి కాబట్టి కళ్లకు చప్పున ఆనదు. అక్కడ 15,378 అని ఉంది. ఎకరానికి దాదాపు 4,047 చదరపు మీటర్లు. భాగిస్తే 3.8 ఎకరాలు, అంటే మన లెక్కలో 3 ఎకరాల 32 గుంటలు. మిగతా 2 ఎకరాల 8 గుంటలు ఏమైనట్టు?

రోడ్డు విస్తరణకు వదిలి ఉంటారేమో అనుకున్నాను, కొంత అలా పోతుంది కూడా. కానీ రోడ్డుకు రెండెకరాలు వదిలే బిల్డర్ ఇంకా పుట్టలేదు. కిందికి వెళ్తే భవనాల పట్టికలో ఎ, బి అని రెండే ఉన్నాయి. మాకు చూపించిన ఫ్లాటు సి బ్లాక్‌లో, తూర్పు ముఖం, ఏడో అంతస్తు.

అప్పుడు హద్దులు చూశాను. ఈ భాగాన్ని ఎవరూ చదవరు. తూర్పున ఏముంది, పడమర ఏముంది అని రిజిస్టర్‌లో నాలుగు దిక్కులూ రాస్తారు. ఉత్తరం దగ్గర ‘అదే సర్వే నంబరులో మిగిలిన భూమి’ అన్న అర్థంలో ఇంగ్లిషులో ఒక ముక్క ఉంది. సైటు చూడటానికి వెళ్లినప్పుడు సి బ్లాక్ కోసం తవ్విన గొయ్యి ఎ, బి లకు ఉత్తరానే ఉంది. జెసిబి ఇంకా అక్కడే నిలబెట్టి ఉంది. అప్‌లోడ్ చేసిన లేఅవుట్ ప్లాన్ పీడీఎఫ్ పెద్దది చేసి చూస్తే, ఎరుపు గీత ఎ, బి బ్లాకుల చుట్టూ తిరిగి గొయ్యికి ఇవతలే మూసుకుంది. వెబ్‌సైట్ బొమ్మలో నడిమధ్య వెలిగిపోతున్న క్లబ్‌హౌస్ కూడా ఆ గీతకు అవతలే ఉంది.

అంటే నంబరు దొంగది కాదు, మొదటి దశది. రెరా చట్టం 2016 సెక్షన్ 3 ప్రకారం దశలవారీగా కట్టే ప్రాజెక్టులో ఒక్కో దశ ఒక్కో ప్రాజెక్టు కింద లెక్క, దేనికది విడిగా రిజిస్టర్ చేయాలి. చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. ఎ, బి ల నంబరు చూపించి సి లో ఫ్లాటు అమ్మడమంటే అన్న లైసెన్సు మీద తమ్ముడు బండి నడిపినట్టు.

ఇంత తెలిశాక ఫోన్లోనే వద్దని చెప్పేస్తే పోయేది. కానీ ధర తక్కువ, మా ఆయనకు ఆ తూర్పు ముఖం మీద మనసు. నేరుగా అడిగి చూద్దామని ప్రింటౌట్లు తీసుకుని వెళ్లాం. ఆదివారం కావడంతో సైట్ ఆఫీసు కిక్కిరిసి ఉంది. ఏసీ, కాఫీ మెషీన్, గాజు పెట్టెలో మోడల్. మోడల్లో మాత్రం మూడు బ్లాకులకూ లైట్లు.

నేను కాగితాలు టేబుల్ మీద పెట్టి, “సి బ్లాక్ రెరా నంబరు ఏది?” అని అడిగాను. సేల్స్ మేనేజర్ నావైపు చూడనే లేదు. మా ఆయన వైపు తిరిగి నవ్వుతూ, “మేడమ్‌కి డౌట్లు బాగా ఎక్కువ అనుకుంటా సార్” అన్నాడు. పక్క టేబుల్ దగ్గర ఉన్న జంట కూడా నవ్వింది. నేను మళ్లీ అడిగాను. వెబ్‌సైట్లో ఉన్న నంబరే చూపించి, “ఉంది కదా మేడమ్, గవర్నమెంట్ ఇచ్చిందే” అన్నాడు. భవనాల పట్టిక చూపించాను. ఇంకొక కుర్రాణ్ణి పిలిచి, “రావోయ్, మేడమ్ మనకు ఎగ్జామ్ పెడుతున్నారు” అన్నాడు. ఈసారి నవ్వు కాఫీ మెషీన్ దాకా పాకింది. నా చెవులు వేడెక్కిపోయాయి. మా ఆయన “పోనీలేవే” అని నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆ ముక్క మేనేజర్ మాటల కంటే ఎక్కువ కాలింది, ఇంటికొచ్చాక ఆ లెక్క వేరే తేల్చాను.

గొంతు పెంచకుండానే హద్దుల కాగితం తీసి, ఉత్తరం దగ్గర వేలు పెట్టాను. “మీ గొయ్యి ఈ గీతకు ఏ వైపు ఉంది?” దానికి జవాబు రాలేదు. బదులుగా వరసగా మూడు మాటలు వచ్చాయి. మీకూ ఎక్కడో ఒకచోట వినిపిస్తాయి కాబట్టి చెబుతున్నాను.

మొదటిది, “రెరాకు అప్లై చేశాం, వారంలో వచ్చేస్తుంది.” దరఖాస్తు రిజిస్ట్రేషన్ కాదు. వచ్చాకే వస్తాం అంటే, అప్పటికి చదరపు అడుగు ధర పెరుగుతుందట.

రెండోది, “ఫలానా బ్యాంకు అప్రూవల్ ఉంది, లోన్ వస్తుంది.” అడిగితే లెటర్ చూపించారు. అందులోనూ ఎ, బి బ్లాకులే ఉన్నాయి. ఆ లెటర్‌ను అతను అప్పుడే మొదటిసారి చదువుతున్నట్టు అనిపించింది.

మూడోది అసలైనది. “ఇది బుకింగ్ కాదు మేడమ్, ఈవోఐ, అంటే కొనే ఆసక్తి ఉందని తెలపడమే. 2 లక్షలు ఇచ్చి ఫ్లాట్ బ్లాక్ చేసుకోవడమే, నచ్చకపోతే రిఫండ్.” ఫారం ఇమ్మన్నాను. అందులో సి బ్లాక్, ఫ్లాటు నంబరు, అంతస్తు, చదరపు అడుగు రేటు, మొత్తం ధర అన్నీ నింపడానికి గళ్లు ఉన్నాయి. ఫ్లాటు నంబరు రాసి డబ్బు తీసుకున్నాక దానికి ఏ పేరు పెడితే ఏం? రిఫండ్ ఎన్నాళ్లలో ఇస్తారన్న గడి మాత్రం ఎంత వెతికినా లేదు.

నంబరు లేకపోతే నష్టమేమిటని మా ఆయన కారులో అడిగారు. రిజిస్టరైన ప్రాజెక్టులో కొనుగోలుదారుల దగ్గర వసూలు చేసిన దానిలో 70 శాతం విడి ఖాతాలో వేయాలి, భూమికీ నిర్మాణానికీ తప్ప తీయకూడదు. ఎప్పటికి పూర్తి చేస్తామో బిల్డర్ అఫిడవిట్ ఇచ్చి ఉంటాడు. సి బ్లాక్‌కు రిజిస్ట్రేషనే లేదు కాబట్టి ఆ ఖాతా లేదు, ఆ తేదీ కూడా లేదు. మన 2 లక్షలు ఎ బ్లాక్ స్లాబుకు పోతాయో, ఇంకో ఊళ్లో భూమి అడ్వాన్సుకు పోతాయో ఎవరికి తెలుసు? ఫిర్యాదు చేస్తే రెరా బిల్డర్‌కు జరిమానా వేయొచ్చు. ఎన్నేళ్లు తిరగాలో మాత్రం మన ఓపిక.

రిజిస్టర్‌ను కూడా గుడ్డిగా నమ్మొద్దు. అందులో ఎక్కువ భాగం బిల్డర్ తనంతట తాను నింపిందే. ఎన్ని ఫ్లాట్లు బుక్ అయ్యాయో మూడు నెలలకోసారి అప్‌డేట్ చేయాలి, ఈ బిల్డర్ ఎ, బి ల దగ్గర చాలాకాలంగా చేయనేలేదు. భూమి టైటిల్ సంగతి కూడా రెరా పేజీ తేల్చదు, దానికి ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీ, పాత లింక్ డాక్యుమెంట్లు వకీలుకు చూపించుకోవాల్సిందే. విజయవాడలో ఉన్న మా తమ్ముడు ఇదంతా విని తెలంగాణ రెరా వెబ్‌సైట్లోనే వెతకబోయాడు. ఆంధ్రప్రదేశ్ ప్రాజెక్టులకు వేరే రిజిస్టర్ ఉంది, rera.ap.gov.in.

ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. వెబ్‌సైట్ పేజీలన్నీ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, బ్రోచర్ దాచుకోండి. ప్రకటనలో అబద్ధం నమ్మి డబ్బు కట్టి నష్టపోతే పరిహారం అడగడానికి సెక్షన్ 12 ఉంది. కానీ ఆ అబద్ధం చూపించాలి కదా. నేను తీసిన నాలుగు రోజులకే వాళ్ల సైటులో సి బ్లాక్ పక్కన ‘త్వరలో’ అన్న మాట చేరింది. దాన్ని కూడా స్క్రీన్‌షాట్ తీశాను.

ఇప్పుడు అదే రోడ్డులో ఇంకొక ప్రాజెక్టు చూస్తున్నాం. బ్లాకులు, విస్తీర్ణం, హద్దులు అన్నీ సరిపోయాయి. వెబ్‌సైట్ చెప్పిన గృహప్రవేశం తేదీ మాత్రం రిజిస్టర్‌లో తేదీ కంటే ఏడాది ముందుంది. అక్కడి అమ్మాయిని అడిగితే, “వెబ్‌సైట్‌ది టార్గెట్ మేడమ్, అగ్రిమెంట్‌లో రెరా డేటే ఉంటుంది” అని దాచకుండా చెప్పింది. అగ్రిమెంట్ రిజిస్టర్ చేసేదాకా 10 శాతానికి మించి తీసుకోకూడదన్న సెక్షన్ 13 కూడా ఆమెకు తెలుసు. అగ్రిమెంట్ ముసాయిదా పంపమని అడిగాను, రాగానే వకీలు దగ్గరికి వెళ్తుంది.