నాలుగు రోజుల ఏటీజీ, ఆ తర్వాత నెలల నిరీక్షణ: అప్లాస్టిక్ అనీమియాతో నా అనుభవం

హిమోగ్లోబిన్ 5.2, ప్లేట్‌లెట్లు 9,000, ఇన్‌ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ 310. మూడూ ఒకేసారి పడిపోతే ముందు బీ12 లోపం, లుకేమియా కాదని తేల్చుకోవాలి. తుంటి ఎముక నుంచి తీసిన మూలుగ ముక్కలో కణాలు పది శాతమే, మిగతాదంతా కొవ్వు. ఇదే అప్లాస్టిక్ అనీమియా: మన రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలే, రక్తకణాలను పుట్టించే మూలుగలోని మూలకణాల మీద పడ్డాయి. విత్తనమే పోయాక ఏ పంటా రాదు కదా, అందుకే మూడు రకాల కణాలూ తగ్గాయి.

నాకు 46 ఏళ్లు. తోబుట్టువుల్లో ఎవరి హెచ్ఎల్ఏ, అంటే కణజాల రకం, నాతో కలవలేదు. కలిసి, వయసు 40 లోపు అయితే మూలుగ మార్పిడే మొదటి దారి. నాకు మిగిలింది గుర్రం ఏటీజీ: గుర్రం రక్తం నుంచి తీసిన, టీ కణాలను చంపే యాంటీబాడీల మందు. కిలోకి 40 మిల్లీగ్రాముల చొప్పున 60 కిలోలకు రోజుకు 2,400 మి.గ్రా., అంటే 250 మి.గ్రా. ఆంప్యూల్స్ దాదాపు పది. అలా నాలుగు రోజులు. చర్మం మీద పరీక్ష చేశాక, మెడ దగ్గర పెట్టిన లైన్ ద్వారా గంటల తరబడి మెల్లగా ఎక్కించారు.

మొదటి రోజే చలిజ్వరం వచ్చింది. చచ్చే టీ కణాలు వదిలే రసాయనాల వల్ల అలా వస్తుంది. కానీ న్యూట్రోఫిల్స్ లేనివాడికి అది ఇన్‌ఫెక్షన్ కాదని ఎవరూ చెప్పలేరు, అందుకని కల్చర్‌కు రక్తం తీసి వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఏటీజీ ప్లేట్‌లెట్లనూ తినేస్తుంది కాబట్టి రోజూ కౌంట్ చూసి ఎక్కించారు. ఎక్కించే రక్తానికి రేడియేషన్ ఇచ్చి ఉండాలి. ఇంట్లోవాళ్ల రక్తం మాత్రం తీసుకోలేదు. రేపు మార్పిడి అవసరమైతే ఒంట్లో దానికి వ్యతిరేకత పెరిగి ఉండకూడదు.

తొమ్మిదో రోజు కీళ్లనొప్పులు, దద్దుర్లు. ఇది సీరం సిక్‌నెస్, గుర్రం ప్రోటీన్ మీద శరీరం తిరగబడటం. మొదటి రోజు నుంచే ఇస్తున్న స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్‌ను తగ్గించకుండా ఇంకొన్నాళ్లు ఉంచారు.

అసలు తిప్పలు టీ కణాలను అణచి ఉంచే మాత్ర సైక్లోస్పోరిన్‌తో. పొద్దున 150, రాత్రి 150 మిల్లీగ్రాములు. రక్తంలో దాని స్థాయి చూడాలంటే రాత్రి మాత్రకు పన్నెండు గంటల తర్వాత, పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. ఒకసారి మాత్ర మింగి వెళ్లాను, 610 వచ్చింది. డోసు తగ్గించబోతుంటే విషయం చెప్పాను. మర్నాడు సరిగ్గా చేస్తే 178, కావలసిన పరిధిలోనే ఉంది. ఫంగస్ మందులు కొన్ని, పంపరపనస ఈ స్థాయిని పెంచేస్తాయి. అందుకే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, బీపీ కూడా వరసగా చూశారు. చిగుళ్లు వాచినా, ఒంటి మీద వెంట్రుకలు పెరిగినా దీని ఖాతాలోదే.

రెండు నెలలు ఏ కదలికా లేదు. ఇక్కడే చాలామంది మందు పనిచేయలేదని వదిలేస్తారు. తీర్పు మూడు నుంచి ఆరు నెలల దాకా చెప్పకూడదు. నాకు ముందు కొత్తగా పుట్టే ఎర్రకణాలైన రెటిక్యులోసైట్లు, న్యూట్రోఫిల్స్ కదిలాయి, ప్లేట్‌లెట్లు ఆఖరున వచ్చాయి. అయిదో నెలకు రక్తం ఎక్కించకుండానే హిమోగ్లోబిన్ 9.4, ప్లేట్‌లెట్లు 48,000. కౌంట్లు పూర్తిగా మామూలు కాలేదు, దీన్ని పాక్షిక స్పందన అంటారు. సైక్లోస్పోరిన్ ఏడాది నిండాకే, అదీ కొద్దికొద్దిగా తగ్గిస్తారట. ఈలోగా జ్వరం 100.4 దాటితే రాత్రయినా ఆసుపత్రికే.