చెరకు రసం మిషన్‌కి గేరు మార్చడం: నా అనుభవం

వేసవి మధ్యలో మా చెరకు రసం మిషన్ చిన్న గేరు పళ్ళు రెండు విరిగిపోయాయి. కొత్తది వేయించి మళ్ళీ బండి నడిచేదాకా పడిన తిప్పలు ఇంకా మరిచిపోకముందే రాస్తున్నాను. ఎవరికైనా పనికొస్తే సంతోషం, ఆ స్పేర్ పార్టుల కొట్టువాడు చదివితే ఇంకా సంతోషం.

విప్పడం ఏమంత కష్టం కాలేదు. బెల్టు తీసి, బేరింగ్ బ్లాకుల బోల్టులు వదులు చేసి, కీ కొట్టేసి గేరు లాగేశాం. చిన్న గేరే ముందు పోవడానికి కారణం ఉంది. పెద్ద గేరు ఒక్క చుట్టు తిరిగేలోపు ఇది ఆరు చుట్లు తిరుగుతుంది, అంటే దీని ప్రతి పన్నూ ఆరు రెట్లు ఎక్కువసార్లు దెబ్బ తింటుంది.

మా మిషన్ సంగతి ముందు చెప్పేస్తాను. ఒక హార్స్‌పవర్ మోటారు, నిమిషానికి 1440 చుట్లు. బెల్టు మీద 3 అంగుళాల పుల్లీ నుంచి 18 అంగుళాల పుల్లీకి వచ్చేసరికి వేగం ఆరో వంతు, అంటే 240. ఆ షాఫ్టు మీద 15 పళ్ళ చిన్న గేరు, దానికి తగులుతూ రోలర్ షాఫ్టు మీద 90 పళ్ళ పెద్ద గేరు. అక్కడ మళ్ళీ ఆరో వంతు, కాబట్టి రోలర్ నిమిషానికి 40 చుట్లు.

విరిగిన గేరు పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. వాడు దాన్ని సరిగా చూడకుండానే లోపలి నుంచి ఒకటి తెచ్చి "ఇదే" అన్నాడు. చూడగానే కొంచెం పెద్దగా అనిపించింది. "అన్నా, ఇది పెద్దగా ఉన్నట్టుందే" అంటే, "పళ్ళు రెండో మూడో ఎక్కువుంటాయి బాబూ, ఏం కాదు. పళ్ళు ఎక్కువైతే బలం ఎక్కువ, పైగా రసం త్వరగా వస్తుంది, నీకే లాభం" అన్నాడు. నేను మెకానికల్ డిప్లొమా చేశానని చెప్పాను. అక్కడ నలుగురు కస్టమర్ల ముందు పకపకా నవ్వాడు. "చదువు వేరు, మిషన్ వేరు బాబూ." పక్కనే ఉన్న మా నాన్న కూడా వాడి వైపే తిరిగి "నువ్వు ఊరుకోరా, ఆయన ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాడు" అనేసరికి ఇంకేం మాట్లాడతాను. డబ్బు కట్టి తెచ్చుకున్నాం.

బిగించడంలో ఒక్కటే ఇబ్బంది, షాఫ్టు పాత చోట కూర్చోలేదు. బేరింగ్ బ్లాకుల కింద పొడవాటి రంధ్రాలు ఉండబట్టి 6 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే సరిపోయింది. కొత్తదానికీ పెద్ద గేరుకీ మాడ్యూల్, అంటే పళ్ళ సైజు, ఒకటే కాబట్టి పళ్ళు చక్కగా కలిశాయి. శబ్దం కూడా లేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

మర్నాడు మొదలైంది అసలు టెన్షన్. సన్న చెరకు పెడితే బాగానే తిరుగుతోంది, నిజంగానే కాస్త త్వరగా కూడా. లావు చెరకు గణుపు దగ్గరికి రాగానే మోటారు మూలుగుతోంది, బెల్టు జారి రబ్బరు కాలిన వాసన. పిప్పి మడతపెట్టి రెండోసారి పెడితే రోలర్ ఆగిపోతోంది. మధ్యాహ్నానికి మోటారు మీద చెయ్యి పెట్టలేకపోయాం. వైండింగ్ షాపాయన వచ్చి "మోటారు బలం తగ్గింది, ఒకటిన్నర హార్స్‌పవర్ వేసుకోండి" అని తేల్చేశాడు. అందరికీ మోటారే దొంగ! నిన్నటిదాకా ఇదే మోటారు ఇదే చెరకు పిండింది కదా అని అడిగితే సమాధానం లేదు.

సాయంత్రం బెల్టు తీసేసి, రెండు గేర్ల మీదా సుద్దముక్కతో గీత పెట్టి, పెద్దదాన్ని చేత్తో ఒక్క చుట్టు తిప్పాను. చిన్నది ఆరుసార్లు తిరగాలి. సరిగ్గా ఐదుసార్లే తిరిగింది. పళ్ళు లెక్కపెడితే 18. వెర్నియర్ పెట్టి చూస్తే బయటి వ్యాసం 80 మిల్లీమీటర్లు. పళ్ళకి రెండు కలిపి మాడ్యూల్ 4తో గుణిస్తే వచ్చేదీ అదే. 15 పళ్ళదైతే 68 ఉండాలి.

ఇప్పుడు ఆ కొట్టువాడి "బలం ఎక్కువ" సంగతి చూద్దాం. ఒక హార్స్‌పవర్, 1440 చుట్ల మోటారు రేటింగు మీద ఇచ్చే టార్క్, అంటే షాఫ్టుని తిప్పే పట్టు, సుమారు 5 న్యూటన్ మీటర్లు. బెల్టు దాటాక ఆరు రెట్లు, అంటే 30. ఈ 30 చిన్న గేరు షాఫ్టు దగ్గరికి వస్తుంది. పాత గేరుకి పళ్ళు కలిసే చోటు మధ్య నుంచి 30 మిల్లీమీటర్ల దూరం, కాబట్టి అక్కడ పన్ను నెట్టే బలం 1000 న్యూటన్లు. పెద్ద గేరు పన్నుకి తగిలేదీ అదే 1000, ఎక్కువా కాదు తక్కువా కాదు. కానీ అక్కడ ఆ బలం పనిచేసే దూరం 180 మిల్లీమీటర్లు కాబట్టి రోలర్ షాఫ్టుకి 180 న్యూటన్ మీటర్ల టార్క్ వస్తుంది. బలం ఒకటే, దూరం ఆరు రెట్లు, అందుకే టార్క్ ఆరు రెట్లు. ఇక 18 పళ్ళ గేరుకి ఆ దూరం 36 మిల్లీమీటర్లు. అదే 30ని 36తో భాగిస్తే పన్ను మీద బలం 833కి పడిపోతుంది, రోలర్‌కి చేరేది 150 మాత్రమే. వేగం 40 నుంచి 48కి పెరిగింది, టార్క్ 180 నుంచి 150కి తగ్గింది. రెండూ గుణించి చూడండి, ఒకటే వస్తుంది. వాడు త్వరగా వస్తుందన్నది నిజమే, దేన్ని కోసి ఇచ్చాడో మాత్రం చెప్పలేదు.

చెరకుకి ఈ లెక్కలతో పని లేదు. లావు గణుపు నలగడానికి 150 కావాలనుకోండి. పాత గేరుతో మోటారు దాదాపు 4.2 ఇస్తే చాలు, ఇంకా కాస్త మిగులు ఉంటుంది. కొత్తదానితో 5 ఇవ్వాలి, అంటే దాని రేటింగు అంతా. ఇంకో విషయం, పళ్ళ లెక్కలో వేగానికి నష్టం ఉండదు, గేరు జారదు కాబట్టి ఐదుకి ఒకటి అంటే ఐదుకి ఒకటే. బేరింగుల్లోనూ పళ్ళ రాపిడిలోనూ పోయేదంతా టార్క్‌లోనే పోతుంది. ఆ నష్టం కూడా కలిపితే మోటారు మీద 5 దాటుతుంది. మోటారు అయిపోయిందని చేతులెత్తేయదు. చుట్లు కాస్త తగ్గించుకుని, కరెంటు ఎక్కువ లాగి ఇవ్వడానికే చూస్తుంది, అందుకే వేడి. క్లాంప్ మీటరు పెడితే గణుపు దగ్గర నేమ్‌ప్లేటు మీద ఉన్నదానికంటే ఎక్కువే చూపించింది. ఇదంతా వైండింగ్ షాపాయనకి చూపిస్తే "అలాగా" అని టీ తాగి వెళ్ళిపోయాడు.

కొట్టుకి తిరిగి వెళ్తే "వాడిన సరుకు వాపసు తీసుకోం" అన్నాడు. మళ్ళీ నవ్వాడు కూడా. వాళ్ళతో వాదించడం దండగ, మీరు వెళ్తే మాత్రం కొట్లో నిలబడే పళ్ళు లెక్కపెట్టండి, వాళ్ళకి కోపం వస్తే రానివ్వండి. ముప్పై ఏళ్ళు తప్పు చెప్పినా దాన్ని అనుభవమే అంటారు మన దగ్గర.

చివరికి మిల్లింగ్ షాపులో 15 పళ్ళది కొత్తగా కోయించాం. ఆయన చేసిన మొదటి పని విరిగినదాని పళ్ళు లెక్కపెట్టడం, రెండోది పెద్ద గేరు పళ్ళు ఎన్నని అడగడం. బ్లాకులు పాత చోటికి జరిపి, చిన్న గేరుని చేత్తో అటూ ఇటూ కదిపితే పళ్ళ మధ్య కొద్దిగా సందు ఉండేలా బిగించాం. మరీ బిగిస్తే పళ్ళు ఒరుసుకుని వేడెక్కుతాయి. గ్రీజు రాసి ఆన్ చేస్తే లావు చెరకు నిమ్మకాయతో సహా లోపలికి పోయింది. మోటారు అదే, ఒక హార్స్‌పవరే. 18 పళ్ళది ఇంట్లోనే పడి ఉంది. మాడ్యూల్ 4, సన్న చెరకు మాత్రమే పిండేవాళ్ళెవరైనా ఉంటే సగం ధరకి ఇచ్చేస్తాను.