పాప కడుపునొప్పికి రెండు భాషలు

మా పాపకు తొమ్మిదేళ్లు. నాలుగు నెలలుగా కడుపునొప్పి అంటుంటే పిల్లల డాక్టరు కడుపు, పేగుల జబ్బులు చూసే గ్యాస్ట్రోఎంటరాలజిస్టు దగ్గరికి పంపారు. అపాయింట్‌మెంటుకు మూడు వారాలు టైముంది. నేను అనుకున్నది ఒక్కటే: అక్కడ దాని తరఫున నేను మాట్లాడేస్తాను, ఏముంది?

కానీ నాతో అది "కడుపులో తిప్పుతోందమ్మా" అంటుంది. స్కూల్లో నర్సుతో మాత్రం ఇంగ్లిష్‌లో "నొప్పి" అని ఊరుకుంటుంది. తిప్పడం అంటే వాంతి వచ్చేలా ఉండటమా, మెలిపెట్టడమా? అడిగితే "పొట్టని పిండినట్టు, తర్వాత వదిలేసినట్టు" అంది. నేనైతే డాక్టరుకు వికారం అనే చెప్పేదాన్ని. అందుకే డైరీలో దాని మాటలే, ఏ భాషలో అంటే ఆ భాషలో, ఉన్నదున్నట్టు రాయాలని ఆ రోజే అనుకున్నాను.

రెండు వారాలు రాశాం. నొప్పి మొదలైన టైము, ఎంతసేపు ఉంది, ఒక్క వేలితో చూపిస్తే ఎక్కడ, సున్నా నుంచి పది లోపు ఎంత, అంతకుముందు ఏం తింది, బడి ఉందా సెలవా, రాత్రి నిద్రలోంచి లేపిందా. అంతే. అంతకంటే ఎక్కువ పెడితే నాలుగో రోజుకే మానేస్తాం.

విరేచనం సంగతి దగ్గరే ఇబ్బందైంది. దానికి తెలుగులో ఆ మాటలు సిగ్గు, ఇంగ్లిష్‌లో నాతో చెప్పడం ఇంకా సిగ్గు. బ్రిస్టల్ చార్ట్ అని ఒకటుంది, మలం ఎలా ఉందో ఏడు బొమ్మల్లో చూపిస్తుంది. 1 అంటే మేక పెంటికల్లా గట్టి ఉండలు, 4 మెత్తగా సాఫీగా, 7 అంటే నీళ్లు. ఆ బొమ్మ బాత్రూం తలుపు లోపలి వైపు అంటించాను. ఇక మాటలతో పని లేదు. బయటికి వచ్చి "ఈరోజు రెండు" అనేది.

మందుల లిస్టు చిన్న పని అనుకున్నాను. ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రల మీది బ్రాండు పేరు ఇక్కడి డాక్టరుకు తెలియదు కాబట్టి, అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో చూసి రాశాను. కొన్నిట్లో ఒక్క మాత్రలోనే రెండు మందులున్నాయి. సిరప్ అయితే "5 ఎం.ఎల్. ఇచ్చాం" అంటే చాలదు, ఒక్కో 5 ఎం.ఎల్.లో మందు ఎంతుందో కూడా కావాలి. చివర్లో అత్తయ్యగారు పంపిన చూర్ణం మిగిలింది. అది మందేమిటి, రాయాలా అని ఆగాను. డబ్బా తిప్పి చూస్తే అందులో సునాముఖి ఉంది. అది విరేచనం అయ్యేలా చేసే మందు. రాశాను, ఏ రోజు ఎంత ఇచ్చానో కూడా.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అసలు విషయం కనబడింది. మూడు రోజులు ఏమీ లేదు, నాలుగో రోజు 1. ఆ రాత్రి చూర్ణం. మర్నాడు 6. మళ్లీ మూడు రోజులు ఖాళీ. నొప్పులు ఎక్కువగా ఆ ఖాళీ రోజుల్లోనే, రాత్రి భోజనం తర్వాత. "ఒకసారి మలబద్ధకం, ఒకసారి విరేచనాలు" అని నేను అందరికీ చెబుతున్నదాంట్లో రెండో సగం నా చేత్తో ఇచ్చిందే.

ఇంకో తప్పు కొద్దిలో తప్పింది. గోధుమ మాన్పించి చూద్దామనుకున్నాను. అపాయింట్‌మెంటు గురించి ఫోన్ చేసిన నర్సు వద్దన్నారు. గోధుమ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉందేమోనని చేసే రక్తపరీక్ష, గోధుమ తింటూ ఉంటేనే సరిగ్గా చెబుతుంది. ముందే మానేస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. మందులు కూడా అంతే, కొన్ని పరీక్షలకు ముందు ఎసిడిటీ మాత్రలు ఆపమంటారు గానీ ఆ మాట వాళ్లే చెప్పాలి, మనంతట మనం ఆపకూడదు.

మలంలో రక్తం, ఆకుపచ్చ రంగు వాంతులు, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే నొప్పి, ఇలాంటివి డైరీలో కనబడితే అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా వెంటనే ఫోన్ చేయాలి. మాకు అవేవీ లేవు. పాత ఎత్తు, బరువుల కాగితం కూడా పట్టుకెళ్లాను. పిల్ల ఎదుగుతోందా అన్నది వాళ్లు మొదట చూసేవాటిలో ఒకటి.

ప్రశ్నలు పన్నెండు రాసుకుని మూడుకు తగ్గించాను. మీకు ఏమనిపిస్తోంది, ఏది కాదని తేల్చుకోవాలనుకుంటున్నారు? ఈ పరీక్ష ఫలితాన్ని బట్టి వైద్యం మారుతుందా? ఎంత కాలానికి తగ్గకపోతే మళ్లీ రావాలి? నాలుగోది పాప రాసింది: "క్లాసు మధ్యలో బాత్రూంకి వెళ్లొచ్చని టీచర్‌కి రాసిస్తారా?" స్కూల్లో అడగలేక ఆపుకుంటోందని నాకు అప్పుడే తెలిసింది.

డాక్టరు డైరీ మొత్తం చదివారు. పొట్ట నొక్కి చూసి, మలబద్ధకమే అయ్యుంటుందన్నారు. సీలియాక్ పరీక్ష రాశారు. చూర్ణం ఆపి, రోజూ నీళ్లలో కలిపి తాగే, మలాన్ని మెత్తబరిచే పొడి ఇచ్చారు. బాగయినట్టు అనిపించగానే ఆపేయొద్దని, నెలల తరబడి వాడాల్సి రావచ్చని చెప్పారు. తర్వాత నా వైపు కాకుండా పాప వైపు తిరిగి నొప్పి ఎలా ఉంటుందని అడిగారు. అది నా మొహం చూడకుండా, గుప్పిట బిగించి, మెల్లగా వదిలి చూపించింది. ఆ తర్వాత టీచర్‌కి ఉత్తరం అడిగింది. ఆయన అక్కడే రాసిచ్చారు.