నొప్పి పోయినా గడ్డ కరగలేదు

మొదట వచ్చింది మామూలు కంటికురుపే. కుడి పైరెప్ప అంచున, వెంట్రుక మొదట్లో ఎర్రగా లేచి, రెప్ప వేసినప్పుడల్లా సలిపేది. వారం తిరిగేసరికి తెల్లటి మొన తేలి, చీము కారి తగ్గిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకు అదే రెప్పలో, అంచుకు కాస్త పైన, గట్టిగా ఓ గడ్డ చేతికి తగిలింది. అర సెంటీమీటరు ఉంటుందేమో. నొక్కినా నొప్పి లేదు, ఎరుపూ లేదు.

కంటి డాక్టరు రెప్ప తిరగేసి చూసి, "ఇది కురుపు కాదమ్మా, కలేజియాన్" అన్నారు. కురుపంటే బ్యాక్టీరియా చేరి చీము పట్టడం. కలేజియాన్‌లో సూక్ష్మజీవి పని ఏమీ లేదు. రెప్పలో నిలువుగా వరసకట్టి ఉండే నూనె గ్రంథుల్లో ఒకదాని నోరు మూసుకుపోతుంది. లోపలి నూనె బయటికి రాలేక చుట్టూ కండలోకి చిమ్మితే, శరీరం దాన్ని పరాయి పదార్థంగా చూసి చుట్టూ గోడ కడుతుంది. అందుకే యాంటీబయాటిక్ రాయలేదు.

రాసింది కాపడం. మూసుకున్న గ్రంథిలో నూనె చలికాలపు నెయ్యిలా పేరుకుని ఉంటుంది, వేడి తగిలితేనే జారుతుంది. అరచేతిలో వేలు రుద్ది కంటికి అద్దడం మా ఇళ్లలో అందరికీ అలవాటే కానీ, ఆ వేడి క్షణంలో పోతుంది. తడిగుడ్డ కూడా రెండు నిమిషాల్లో చల్లారుతుంది. అందుకని పక్కనే వేడినీళ్ల గిన్నె పెట్టుకుని గుడ్డను మళ్లీ మళ్లీ ముంచి పిండుతూ, ఒక్కో విడత పది నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టేదాన్ని. మణికట్టు లోపలివైపు ఆనించి, ఓర్చుకోగలిగితేనే కంటికి. రెప్ప చర్మం చాలా పలచన, ఇట్టే కాలుతుంది. కాపడం అయ్యాక శుభ్రమైన వేలితో రెప్పను పైనుంచి వెంట్రుకల వైపు మెల్లగా నిమిరేదాన్ని. కింది రెప్పకైతే కిందినుంచి పైకి. చిదమడం మాత్రం కూడదు, లోపలి సరుకు పక్కలకు పాకుతుంది. కాటుక ఆపేశాను.

నెల దాటాక గడ్డ సగానికి తగ్గి అక్కడే ఆగింది. పాతబడినవి గట్టిపడి కాపడానికి లొంగవట. పైగా అది కంటిగుడ్డును నొక్కడంతో అక్షరాలు మసకగా కనిపించాయి. చివరికి తీయించుకున్నాను. చుక్కలు వేసి, రెప్పకు మత్తుసూది ఇచ్చి, రెప్ప తిరగేసి లోపలివైపే కోసి గీకేశారు. బయట మచ్చ లేదు, కుట్లూ పడలేదు. సూది గుచ్చినప్పటి మంటే అసలు నొప్పి.

అప్పుడే డాక్టరు మా అత్తయ్య సంగతీ అడిగారు, ఆవిడకూ రెప్ప మీద గడ్డ ఉందని నేను చెప్పడంతో. పెద్దవయసులో తీసినచోటే మళ్లీ మళ్లీ గడ్డ వచ్చినా, అక్కడ వెంట్రుకలు రాలినా, పుండు పడి రక్తం కారినా ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. నూనె గ్రంథి క్యాన్సర్ అచ్చం కలేజియాన్‌లాగే కనిపించగలదు. ఇక రెప్పంతా వాచి జ్వరం రావడం, కన్ను కదిపితే నొప్పి, చూపు తగ్గడం, ఒకటి రెండుగా కనిపించడం, కన్ను ముందుకు పొడుచుకురావడం ఉంటే కాపడాలతో కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలట. చీము కంటి వెనక్కి పాకితే చూపే పోవచ్చు.

అత్తయ్యకు వెంట్రుకలు రాలలేదు గానీ, గడ్డ తీసినచోటే రెండోసారి వచ్చింది. వచ్చే వారం ఆవిడను పరీక్షకు తీసుకెళ్తున్నాను.